పక్కవారి ఫోను మోత తగ్గించమని గొడవ కాకుండా అడగడం ఎలా

రైల్లోనో బస్సులోనో పక్క సీటులోనివారు ఫోను స్పీకరు పెట్టి వీడియోలు చూస్తున్నప్పుడు, సినిమా హాల్లో వెనక వరుసవారు ఆపకుండా మాట్లాడుతున్నప్పుడు మనలో చాలామంది ఒకే దారిన నడుస్తాం. మొదట ఓర్చుకుంటాం. తరువాత ఒకటి రెండు సార్లు తల తిప్పి చూస్తాం. ఆ చూపును వారు గమనించలేదని తెలిసి ఇంకొంతసేపు ఓర్చుకుంటాం. ఓర్పు పూర్తిగా కరిగిపోయాక నోరు తెరుస్తాం. అప్పుడు వచ్చే మాటలో అడగడం తక్కువగానూ నిందించడం ఎక్కువగానూ ఉంటుంది. మనకది చాలాసేపటి బాధకు ముగింపే కాని, అంతవరకు మన బాధ సంగతే తెలియని ఎదుటివారికి ఉరుము లేని పిడుగులా తగులుతుంది. వారు కూడా అదే స్థాయిలో బదులిస్తారు. చుట్టూ ఉన్నవారు తలలు తిప్పుతారు. ఇక అక్కడి నుంచి వెనక్కి తగ్గడం ఇద్దరికీ పరువు సమస్య అవుతుంది.

ఈ వ్యాసంలో చెప్పేదంతా ఆ దారిని మొదట్లోనే తప్పించడం గురించే. త్వరగా, ఒక్క వాక్యంలో, చేయదగిన చిన్న పనిని అడిగి, ఆ వెంటనే చూపు తిప్పుకుంటే ఎక్కువసార్లు పని జరుగుతుంది. ఈ నాలుగింటిలో ఏది తప్పినా వ్యవహారం ఎలా చెడుతుందో, చెడితే ఏం చేయాలో కూడా చూద్దాం. ఉదాహరణకు ముఖ్యంగా ఫోను శబ్దాన్నే తీసుకుంటున్నాను. సినిమా హాలులో పద్ధతి కొంత మారుతుంది కాబట్టి దాని గురించి తరువాత వేరుగా చెబుతాను.

అడిగే ముందు: ఆ శబ్దం వెనక ఏముందో గుర్తించండి

ఇద్దరు మనుషులు పక్కన కూర్చుని మాట్లాడుకుంటుంటే పుస్తకం చదువుకోగలిగినవారు కూడా, ఒకరు ఫోనులో మాట్లాడుతుంటే పేజీ తిప్పలేకపోతారు. దీనికి కారణం ఉంది. 2010లో కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన లారెన్ ఎంబర్సన్, ఆమె సహచరులు ఒక ప్రయోగ ఫలితాలను ప్రచురించారు. ఏకాగ్రత కావలసిన పని చేస్తున్నవారికి సంభాషణలో ఒక వైపు మాటలు మాత్రమే వినిపించినప్పుడు వారి పని దెబ్బతిన్నది. ఇద్దరి మాటలూ వినిపించినప్పుడు అంతగా దెబ్బతినలేదు. సగం మాట వినిపించినప్పుడు మిగతా సగం ఏమై ఉంటుందా అని మనసు తెలియకుండానే ఊహించడానికి ప్రయత్నిస్తుందని వారు వివరించారు. కాబట్టి పక్కవారి ఫోను సంభాషణ మీకు చిరాకు తెప్పిస్తే, అది మీకు ఓర్పు లేకపోవడం వల్లనే అనుకోనక్కరలేదు.

శబ్దం చేస్తున్నవారి వైపు నుంచి కూడా ఒకటి గమనించాలి. చుట్టూ మోత ఉన్నప్పుడు మనిషి తనకు తెలియకుండానే గొంతు పెంచుతాడని 1911లో ఎతియెన్ లొంబార్ అనే ఫ్రెంచి వైద్యుడు రాశాడు. ఇంజను హోరులో ఫోను మాట్లాడే ప్రయాణికునికి తాను అరుస్తున్నానని తెలియకపోవడం ఇందువల్లనే. వీడియో చూసేవారి విషయంలోనూ దాదాపు ఇదే జరుగుతుంది. బండి వేగంగా వెళ్తున్నప్పుడు వినపడక శబ్దం పెంచుతారు. బండి ఆగాక చప్పుడంతా తగ్గినా, వేలు మళ్ళీ ఆ బటన్ మీదికి వెళ్ళదు. ఇందులో మిమ్మల్ని లెక్కచేయకపోవడం అనేది చాలాసార్లు ఉండదు. మీరు అక్కడ ఉన్నారన్న స్పృహే ఉండదు. ఈ సంగతి మనసులో పెట్టుకుని అడిగేవారి గొంతు వేరుగా ఉంటుంది. తెలియని సంగతిని తెలియజేస్తున్నట్టుగా మాట వస్తుంది కాని, తప్పు పట్టుకున్నట్టుగా రాదు.

అడగకూడని సందర్భాలు కొన్ని ఉన్నాయి, వాటిని ముందే వేరు చేయండి. పసిబిడ్డ ఏడుపు, ఆగని దగ్గు, ఆపుకోలేని కదలికలో శబ్దాలో ఉన్న వ్యక్తి, చెవి సరిగా వినపడక పెద్దగా మాట్లాడే పెద్దవారు, ఫోనులో ఏదో చెడువార్త వింటున్నవారు: వీరిని ఆపమని అడగడం వల్ల వారికి బాధ కలుగుతుందే తప్ప శబ్దం తగ్గదు. అలాంటప్పుడు సీటు మారడమో, చెవుల్లో దూది పెట్టుకోవడమో మీరు చేయవలసిన పని. మద్యం మత్తులో ఉన్నవారు, అప్పటికే ఎవరితోనో తగువు పడుతున్నవారు, ఒకరినొకరు ఎగదోసుకుంటూ కేకలు వేస్తున్న గుంపు ఎదురైతే నేరుగా మాట్లాడకండి. మొదటి నుంచే సిబ్బందికి చెప్పండి.

ఎప్పుడు అడగాలి

శబ్దం మొదలైన మరుక్షణమే అడగడం కూడా తొందరపాటే. వచ్చిన ఫోను ఒక్క నిమిషంలో ముగియవచ్చు, వీడియో పొరపాటున మోగి ఉండవచ్చు. రెండు మూడు నిమిషాలు ఆగి చూడండి. ఆపైన ఆగితే దాని వల్ల మేలేమీ లేదు. ఆలస్యమైందని మీకు మీరే తెలుసుకోవడానికి రెండు గుర్తులున్నాయి. ఒకటి, వారితో ఏం అనాలో మనసులో వాక్యాలు కట్టుకుంటూ, ప్రతిసారీ ముందటి దానికంటే ఘాటైన వాక్యం కడుతుండడం. రెండు, వారి చెప్పులు, వారి కూర్చునే తీరు, వారు తినే తీరు కూడా మీకు నచ్చకపోవడం మొదలవడం. ఈ రెండో గుర్తు కనిపించిందంటే మీ కోపం శబ్దాన్ని దాటి మనిషి మీదికి పాకింది. ఆ స్థితిలో నోరు తెరవకండి. లేచి బోగీ చివరిదాకా నడిచి, కొన్ని నీళ్ళు తాగి వచ్చి, అప్పుడు అడగండి.

సమయం ఎంచుకునే అవకాశం ఉంటే, బండి ఆగినప్పుడు అడగడం మంచిది. అప్పుడు వారి ఫోను మోత వారికే స్పష్టంగా వినపడుతుంది కాబట్టి మీ మాటకు వేరే సాక్ష్యం అక్కరలేదు. మీరు కూడా గొంతు పెంచనవసరం ఉండదు. వీడియో చూసేవారినైతే ఒకటి ముగిసి మరొకటి మొదలయ్యే సందులో పలకరించండి. ఫోనులో మాట్లాడుతున్నవారిని సంభాషణ మధ్యలో ఆపకండి. అవతల వింటున్న మనిషి ముందు చిన్నబోవడం ఎవరికీ ఇష్టం ఉండదు, ఆ సిగ్గే కోపంగా మారి మీ మీదికి వస్తుంది. వారి చూపు మీ వైపు తిరిగినప్పుడు అరచేతిని కిందికి చూపుతూ మెల్లగా రెండుసార్లు కదిపి, కాస్త నవ్వు ముఖంతో తల ఊపితే, గొంతు తగ్గించమన్న సంగతి చాలామందికి మాట లేకుండానే అర్థమవుతుంది. పెదవుల మీద వేలు పెట్టి చూపడం మాత్రం వద్దు. అది బడిలో పిల్లలకు చూపే సైగ.

ఎలా దగ్గరవ్వాలి

నిలబడి, కూర్చున్న మనిషి మీదికి వంగి మాట్లాడితే మాట ఎంత మెత్తగా ఉన్నా అధికారంలా తోస్తుంది. వీలైనంతవరకు వారి కంటి ఎత్తుకు రండి. పక్క సీటే అయితే నేరుగా ముఖంలోకి తిరగకుండా భుజం కొద్దిగా వారి వైపు వాల్చండి. చెవుల్లో ఏమైనా పెట్టుకుని ఉంటే భుజం తట్టకుండా, వారి చూపు పడేచోట, ఒడి ఎత్తులో చేయి కదపండి. తెలియని మనిషిని తాకడం వల్ల వచ్చే ఉలికిపాటు మొదటి క్షణంలోనే వారిని మీకు ఎదురు నిలబెడుతుంది.

గొంతు వారికి మాత్రమే వినపడేంత ఉండాలి. ఇది చాలా ముఖ్యం. మూడో మనిషికి వినపడిన మరుక్షణం అది ఇద్దరి మధ్య మాట కాకుండా పోతుంది, ఎదుటివారు మీకు కాక చూస్తున్నవారికి జవాబు చెప్పడం మొదలుపెడతారు. నలుగురి ముందు తగ్గడం కంటే వాదించడమే వారికి సులభం అవుతుంది. ఏకాంతంలో అడిగితే ఒప్పుకునే మనిషే నలుగురిలో అడిగితే మొండికేయడం మీరూ చూసి ఉంటారు.

ఆ ఒక్క వాక్యం

వాక్యంలో మూడు భాగాలు ఉంటే చాలు: మర్యాదగల పిలుపు, మీ ఇబ్బంది నాలుగు మాటల్లో, వారు చేయవలసిన చిన్న పని ప్రశ్న రూపంలో. ఉదాహరణకు: “ఏమీ అనుకోకండి, నాకు నిద్ర పట్టడం లేదు, సౌండ్ కొంచెం తగ్గిస్తారా?” ఇంతకంటే పొడవు అవసరం లేదు. వయసులో చిన్నవారైనా ముక్కూముఖం తెలియనివారిని “మీరు” అనే పిలవండి. కుర్రవాడే కదా అని “బాబూ, నువ్వు” అని మొదలుపెడితే అతనికి మీ ఇబ్బంది కంటే ముందు మీ పెద్దరికం వినపడుతుంది. పెద్దవారైతే “అండీ”కి బదులు “అమ్మా” అనో “బాబాయ్ గారూ” అనో పిలవడం మీకు అలవాటైతే అలాగే పిలవండి. అలవాటు లేని వరుస కలిపితే మాత్రం ఎబ్బెట్టుగా ఉంటుంది.

కారణం చెప్పడం వల్ల నిజంగా ఉపయోగం ఉందా? 1978లో ఎలెన్ లాంగర్, ఆమె సహచరులు ప్రచురించిన పరిశోధనలో, నకలు యంత్రం దగ్గర ముందు తనకు అవకాశం ఇవ్వమని ఒకరు అడుగుతారు. 5 పేజీల కోసం కారణం లేకుండా అడిగితే 60 శాతం మంది ఒప్పుకున్నారు. తొందర ఉందని కారణం చెబితే 94 శాతం మంది ఒప్పుకున్నారు. చిన్న కోరికకు పసలేని కారణం చెప్పినా దాదాపు అంతే మంది ఒప్పుకున్నారు. అదే 20 పేజీలకు అడిగినప్పుడు మాత్రం పసలేని కారణం ఏమీ పనిచేయలేదు. మన సందర్భంలో దీని నుంచి తీసుకోవలసింది ఏమిటంటే, కోరికను చిన్నదిగా ఉంచాలి, నిజమైన కారణం ఒకటి చెప్పాలి. తలనొప్పి లేకుండా తలనొప్పి అని చెప్పకండి. పది నిమిషాల తరువాత మీరు నవ్వుతూ ఫోనులో మాట్లాడితే వారికి మీ మాట మీద నమ్మకం పోతుంది, రెండోసారి అడిగే దారి మూసుకుపోతుంది.

తీసివేయవలసిన మాటలు కూడా చెప్పాలి, ఎందుకంటే మంచి వాక్యాన్ని చెడగొట్టేవి అవే. “అరగంట నుంచి చూస్తున్నాను” అనకండి. అంతసేపు ఎందుకు అడగలేదన్న ప్రశ్న వస్తుంది, పైగా వారిని కాపు కాసినట్టు ఉంటుంది. “ఇది మీ ఇల్లు కాదు,” “ఆ మాత్రం తెలియదా” అనేవి వారి పెంపకం మీద తీర్పులు. వాటికి ఎవరూ సౌండ్ తగ్గించి జవాబు చెప్పరు. “అందరికీ ఇబ్బందిగా ఉంది” అనేది వినడానికి సౌమ్యంగానే ఉన్నా, నా అభిప్రాయంలో అన్నిటికంటే ప్రమాదకరమైనది. ఆ మాటతో మీరు బోగీ అంతటినీ వారికి ఎదురు నిలబెట్టారు. వారు వెంటనే ఎదుటి సీటువారిని “మీకేమైనా ఇబ్బందిగా ఉందా?” అని అడిగితే, ఆ మొహమాటస్తుడు “అబ్బే, లేదండీ” అంటాడు. మీ మాట అక్కడితో తేలిపోతుంది. మీకు ఇబ్బందిగా ఉందని చెప్పండి. దాన్ని ఎవరూ కాదనలేరు.

ఏం అడగాలన్నది కూడా ముందే తేల్చుకోండి. పగటి ప్రయాణంలో శబ్దం తగ్గితే మీకు సరిపోతుందంటే తగ్గించమనే అడగండి. రాత్రి అందరూ పడుకున్నాక, తగ్గినా సరిపోదని మీకు తెలిసినప్పుడు, ముందు తగ్గించమని, ఐదు నిమిషాల తరువాత ఆపమని అడిగితే రెండోది వేధింపులా ఉంటుంది. అప్పుడు మొదటే “ఇయర్‌ఫోన్స్ ఉంటే పెట్టుకుంటారా? లేకపోతే పడుకునే వేళ కదా, కాసేపటికి ఆపేస్తే చాలు” అనండి. రెండు దారులు చూపితే వారు ఒకటి ఎంచుకుంటారు. ఒక్కటే చూపి, ఆ ఒక్కటి వారి దగ్గర లేకపోతే, “లేవు” అన్న మాటతో సంభాషణ గోడకు తగులుతుంది.

ఇంత సిద్ధపడ్డా మాట గొంతులోనే ఆగిపోవచ్చు. ఇది మీ ఒక్కరి సమస్య కాదు. 1970లలో స్టాన్లీ మిల్‌గ్రమ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన విద్యార్థులను న్యూయార్క్ భూగర్భ రైళ్ళలోకి పంపి, కారణమేమీ చెప్పకుండా కూర్చున్నవారిని సీటు ఇవ్వమని అడగమన్నాడు. సుమారు 68 శాతం మంది లేచి సీటు ఇచ్చారు, లేదా జరిగి చోటిచ్చారు. అడగడానికి వెళ్ళినవారే చాలా కష్టపడ్డారు. మిల్‌గ్రమ్ తానే అడగడానికి వెళ్ళినప్పుడు మాట పెగలక వెనక్కి తగ్గి, తరువాత ఎలాగో అడిగి, సీటు దొరికాక తాను అనారోగ్యంతో ఉన్నట్టు కనిపించాలన్న ఒత్తిడికి లోనయ్యాడు. అడిగేటప్పుడు కలిగే భయం ఎదుటివారు కాదంటారనడానికి గుర్తేమీ కాదని దీన్ని బట్టి తెలుస్తుంది. మీరు అడిగేది సీటు కంటే చాలా చిన్నది.

అడిగిన తరువాత అర నిమిషం

చాలామంది ఇక్కడ తప్పటడుగు వేస్తారు. వాక్యం బాగానే చెబుతారు. ఆ తరువాత వేలు బటన్ మీదికి వెళ్తుందా లేదా అని చూస్తూ కూర్చుంటారు. మనిషికి చెప్పిన మాట వినడం కష్టం కాకపోవచ్చు కాని, చెప్పినవారి కళ్ళ ముందే వెంటనే విన్నట్టు కనిపించడం కష్టం. కొందరు ఆ వీడియోను చివరిదాకా చూసి అప్పుడు తగ్గిస్తారు. మరికొందరు ఏమీ విననట్టు ఒక్క క్షణం ఊరుకుని, తమంతట తాము తగ్గించినట్టుగా తగ్గిస్తారు. వారికి ఆ వెసులుబాటు ఇవ్వండి. “థాంక్సండీ” అని, వారు ఒప్పుకున్నట్టే భావించి, తల తిప్పుకుని మీ పుస్తకంలోకో కిటికీలోకో చూడండి. అర నిమిషం నుంచి ఒక నిమిషం వరకు ఆ వైపు చూడకండి. శబ్దం తగ్గిందో లేదో చెవికి తెలుస్తుంది కదా, కన్ను అక్కరలేదు.

ఒక రాత్రి ప్రయాణం

ఒక సందర్భాన్ని మొదటి నుంచి చివరి వరకు చూద్దాం. రాత్రి రైలు, పది దాటింది, పెద్ద దీపాలు ఆర్పేశారు. మీరు కింది బెర్తులో పడుకున్నారు. ఎదుటి కింది బెర్తులో నలభై ఏళ్ళ వ్యక్తి దిండు గోడకు ఆనించి, ఫోను గుండెల మీద పెట్టుకుని, చిన్న చిన్న హాస్య వీడియోలు చూస్తున్నాడు. ఒక్కొక్కటి అర నిమిషం ఉంటుంది, ప్రతిదాని చివర పెద్ద నవ్వు మోగుతుంది. మూడు నిమిషాలు చూశారు. ఆపే సూచన లేదు. పై బెర్తులవారు దుప్పట్లు తలమీదికి లాగుకున్నారు.

మీరు లేచి నిలబడకుండా, మీ బెర్తు అంచున కూర్చుని ముందుకు వంగుతారు. అతను చూసేవరకు ఒక్క క్షణం ఆగుతారు. “ఏమీ అనుకోకండి. పొద్దున్నే దిగాలి, నిద్ర పట్టడం లేదు. ఇయర్‌ఫోన్స్ ఉంటే పెట్టుకుంటారా?” అతను “తేలేదండీ” అంటాడు. మీరు “పర్వాలేదు, బాగా తగ్గించి కాసేపు చూసుకోండి, చాలు” అంటారు. అతను “ఐదు నిమిషాలే, పడుకుంటాను” అంటాడు. ఇక్కడ ఆ ఐదు నిమిషాలను వెంటనే ఒప్పుకోండి. “సరేనండీ, థాంక్స్” అని గోడ వైపు తిరిగి పడుకోండి. ఆ ఐదు నిమిషాలు అతను తన మాటగా పెట్టుకున్న గడువు. మీరు పెట్టిన గడువు కంటే దానికి అతను ఎక్కువ కట్టుబడతాడు.

శబ్దం తగ్గింది. పావుగంట గడిచాక మళ్ళీ మెల్లగా పెరిగింది. ఇది మిమ్మల్ని ధిక్కరించడానికి చేసిందని అనుకోకండి. బండి వేగం అందుకుంది, అతనికి వినపడలేదు, వేలు తనంతట తాను బటన్ నొక్కింది. రెండోసారి అడగడం మొదటిదానికంటే చిన్నదిగా ఉండాలి. కారణం మళ్ళీ చెప్పనక్కరలేదు, ఐదు నిమిషాల మాట గుర్తు చేయనక్కరలేదు. “సార్, మళ్ళీ కొంచెం పెరిగినట్టుంది” అంటే చాలు. పెరిగింది శబ్దం అన్నట్టుగా ఉంటుంది, పెంచింది మీరు అన్నట్టుగా ఉండదు. ఎక్కువమంది ఇక్కడ “అయ్యో” అని ఆపేస్తారు.

మూడోసారి అడగవలసి వస్తే మీరు అడగకండి. ఒకే మనిషి ఒకే మాట మూడోసారి చెబితే అది తప్పక తగువు అవుతుంది. అప్పటి నుంచి అది సిబ్బంది పని.

ఎదురు మాట వస్తే

“నీకేంటి ఇబ్బంది?”, “నేనూ టికెట్ కొన్నాను,” “చెవులు మూసుకో”: ఇలాంటి మాట ఒకటి వచ్చిందనుకోండి. దానికి సరైన జవాబు మీ నోటి చివరే ఉంటుంది, దాన్ని అక్కడే ఉంచండి. వారి మాటలో ఒప్పుకోదగిన ముక్క ఏదైనా ఉంటే ఒప్పుకుని, మీ కోరికను అదే గొంతుతో ఒక్కసారి మళ్ళీ చెప్పండి: “నిజమే, మీరూ కొన్నారు. నాకు నిద్ర పట్టక అడిగాను, అంతే.” ఇక ఆపండి. వారు ఇంకా ఏదో అంటారు. చివరి మాట వారిదే కానివ్వండి. చివరి మాట తమది అయినవారు, గెలిచామన్న తృప్తితోనే, కాసేపటికి శబ్దం తగ్గించడం తరచుగా జరుగుతుంది. మీకు కావలసింది నిశ్శబ్దం కాబట్టి ఆ బేరం మీకు లాభమే.

ఎదుటివారు లేచి నిలబడినా, మీ మీదికి జరిగినా, పక్కవారిని కూడగట్టడం మొదలుపెట్టినా మాట అక్కడితో కట్టిపెట్టి, ఆ చోటు విడిచి సిబ్బంది దగ్గరకు వెళ్ళండి. వారిని ఫోనులో వీడియో తీయడం మాత్రం ఎప్పుడూ చేయవద్దు. కెమెరా ఎత్తిన మరుక్షణం చిన్న విషయం పెద్ద గొడవగా మారుతుంది.

సిబ్బందికి చెప్పేటప్పుడు కోపం వెళ్ళగక్కడం వల్ల వారికి పని చేయడం కష్టమవుతుంది. వారికి నాలుగు సంగతులు కావాలి: సీటు లేదా బెర్తు సంఖ్య, జరుగుతున్నది ఏమిటి, మీరు అప్పటికే ఎన్నిసార్లు అడిగారు, మీకు కావలసింది ఏమిటి. “ఫలానా బెర్తులో ఫోను పెద్దగా మోగుతోంది, రెండుసార్లు అడిగాను, మీరు అటు వెళ్ళేటప్పుడు మొత్తం బోగీకి చెప్పినట్టుగా ఒకమాట చెబుతారా?” అని అడగండి. ఫిర్యాదు చేసింది మీరని వేలెత్తి చూపవద్దని కూడా చెప్పండి. మిగతా ప్రయాణమంతా మీరు ఎదురెదురుగా ఉండాలి కదా. శబ్దం మీద ప్రయాణ సంస్థ నియమం ఏదైనా ఉంటే దాన్ని సిబ్బంది నోటి నుంచే రానివ్వండి. తోటి ప్రయాణికుడు నియమం చదివితే అది సవాలుగా వినిపిస్తుంది.

సినిమా హాలులో

హాలులో మూడు సంగతులు మారతాయి. చీకటి వల్ల మీ ముఖంలోని మర్యాద కనిపించదు, మాట ఒక్కటే మిగులుతుంది. నిడివిగా మాట్లాడితే మీరే అందరికీ ఇబ్బంది అవుతారు. పైగా వెనక వరుసవారి వైపు పూర్తిగా తిరగాలంటే ఒళ్ళంతా తిప్పాలి, అది దూరానికి కూడా కనిపించే పెద్ద కదలిక. అందుకే వాక్యం ఇంకా చిన్నదవ్వాలి. తల మాత్రం సగం తిప్పి, మీకు దగ్గరగా ఉన్నవారితో, “కొంచెం మెల్లగా మాట్లాడతారా, డైలాగు వినపడటం లేదు” అని ముందుకు తిరగండి. “ష్” అనవద్దు. ఆ బుస నాలుగు వరుసలు వినిపిస్తుంది, ఎవరు ఎవరిని అన్నారో అందరికీ తెలుస్తుంది. గట్టి గుసగుస కంటే మామూలు గొంతునే బాగా తగ్గించి మాట్లాడటం మంచిది. పాటో పోరాటమో నడుస్తూ తెర మీద మోత ఎక్కువగా ఉన్నప్పుడు అడిగితే మూడో మనిషికి వినపడదు.

ఫోను వెలుగు విషయంలో ఫోను చూడవద్దని చెప్పకండి, వెలుగు సంగతి చెప్పండి: “స్క్రీన్ వెలుగు కళ్ళలో పడుతోందండీ.” తగ్గించమని కూడా అనక్కరలేదు, వారే తిప్పుకుంటారు. సీటును వెనక నుంచి కాలితో తన్నేవారికి చాలాసార్లు ఆ కుదుపు ముందువారికి అందుతోందని తెలియదు. “మీ కాలు తగిలినప్పుడు సీటు కదులుతోంది” అన్న సమాచారమే చాలు. తన్నేది చిన్నపిల్లవాడైతే వాడితో మాట్లాడకుండా పక్కనున్న తల్లితోనో తండ్రితోనో చెప్పండి. పిల్లవాడిని బయటివారు మందలిస్తే ఏ తల్లికైనా తండ్రికైనా ముందు బిడ్డను వెనకేసుకురావాలనిపిస్తుంది. “బాబుకు కాళ్ళు అందక తగులుతున్నట్టున్నాయి, కాస్త చూస్తారా?” అంటే తప్పు బాబుది కాకుండా సీటుది అవుతుంది.

కథ మొత్తం పక్కవారికి ముందే చెబుతూ ఉండే మనిషిని మధ్యలో మాటిమాటికీ ఆపలేరు. ఒక్కసారి అడిగి చూడండి. ఆగకపోతే విరామం వరకు ఓపిక పట్టి, దీపాలు వెలిగాక, వారు లేచేటప్పుడు మామూలుగా పలకరించండి. వెలుగులో ముఖాలు కనిపిస్తాయి, తొందర ఉండదు, మీరు నవ్వగలరు. “మీరు ముందే చూసినట్టున్నారు, నేను మొదటిసారి చూస్తున్నాను, తరువాతి కథ చెప్పకుండా ఉంటారా?” అని అడిగితే చాలామంది నొచ్చుకోకుండా ఒప్పుకుంటారు. విరామం లేని ప్రదర్శన అయితే బయటికి వెళ్ళి ద్వారం దగ్గరి సిబ్బందికి వరుస, సీటు సంఖ్య చెప్పి రండి. సినిమాలో నాలుగైదు నిమిషాలు పోతాయి, కాని మిగతాది దక్కుతుంది.

ఏదీ పనిచేయనప్పుడు

రెండుసార్లు అడిగారు, సిబ్బందికి చెప్పారు, వారు వచ్చి చెప్పి వెళ్ళాక మళ్ళీ మొదలైంది. అప్పుడు వేరే ఖాళీ సీటు ఉందేమో సిబ్బందినే అడగండి. చెప్పకుండా వెళ్ళి కూర్చుంటే ఆ సీటువారు వచ్చినప్పుడు మరో ఇబ్బంది. మారేటప్పుడు సామాను నెమ్మదిగా తీసుకోండి. సంచిని విసురుగా లాగడం, నిట్టూర్చడం, వెళ్తూ వెళ్తూ ఒక మాట విసరడం వద్దు. ముందు కొత్త సీటు సంఖ్యను సిబ్బందికి చెప్పి టికెట్ మీద రాయించుకోండి, లేదా వారి జాబితాలో మార్పించండి. రాత్రి మధ్యలో మరొకరు వచ్చి మిమ్మల్ని లేపకుండా ఉంటారు.